హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌ను ఊహించేవాడు మీ ఫోన్‌ను అడగడు

ఏటీఎంలో పిన్ మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాక్ అవుతుంది. ఫోన్ లాక్ కూడా అంతే, వరసగా కొన్ని తప్పులు జరిగితే కాసేపు ఆగమంటుంది. ఆ అలవాటుతోనే హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ గురించి కూడా ఆలోచిస్తాం. ఎనిమిది అంకెలు పెట్టాం, అంటే పది కోట్ల అవకాశాలు, పక్కింట్లో కూర్చుని ఎవరు మాత్రం అన్ని కొట్టి చూస్తారు అని ధీమాగా ఉంటాం. వై-ఫై పేరు మీద నొక్కి ఒక్కొక్కటే కొట్టి చూసేవాళ్లయితే ఆ ధీమా సరైనదే. అలా చేస్తే ఏళ్లు పడుతుంది.

తెలిసినవాడు అలా చేయడు. మీ ల్యాప్‌టాప్ మీ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయ్యే ఆ ఒక్క క్షణంలో గాల్లో వెళ్లే రెండు మూడు చిన్న సందేశాలను పట్టుకుంటాడు. ఆ తర్వాత మీ ఫోన్‌తో అతనికి పని లేదు. ఇంటికి వెళ్లి, తన కంప్యూటర్‌లో, తీరిగ్గా, సెకనుకు లక్షల చొప్పున పాస్‌వర్డ్‌లు ప్రయత్నించుకుంటాడు. ఎన్ని తప్పులు చేసినా మీ ఫోన్‌కు తెలియదు, తెలిసే దారి కూడా లేదు. కాబట్టి హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఎంత గట్టిగా ఉండాలో తేల్చడానికి ఏటీఎం పిన్ కొలత పనికిరాదు.

గాల్లో ఏం వెళ్తుంది

ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా హాట్‌స్పాట్‌లు WPA2 అనే పద్ధతిలో నడుస్తాయి. ఇది 2004లో వచ్చింది. దీంట్లో ఒక మంచి సంగతి ఉంది: పాస్‌వర్డ్ ఎప్పుడూ గాల్లో వెళ్లదు. ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ తమ దగ్గరున్న పాస్‌వర్డ్‌నూ హాట్‌స్పాట్ పేరునూ కలిపి ఒక గణిత ప్రక్రియలో 4,096 సార్లు తిప్పుతాయి. చివరికి 256 బిట్ల తాళంచెవి ఒకటి తయారవుతుంది. రెండు వైపులా పాస్‌వర్డ్ ఒకటే అయితే తాళంచెవి కూడా ఒకటే వస్తుంది.

ఇక ఆ తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉందని, దాన్ని బయటపెట్టకుండానే, ఒకరికొకరు రుజువు చేసుకోవాలి. దానికి నాలుగు సందేశాలు నడుస్తాయి. మొదట ఫోన్ అప్పటికప్పుడు పుట్టించిన ఒక పెద్ద సంఖ్యను ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. ల్యాప్‌టాప్ తన సంఖ్యను ఇంకోదాన్ని పుట్టిస్తుంది. ఆ రెండు సంఖ్యలు, రెండు పరికరాల చిరునామాలు, తన దగ్గరి తాళంచెవి అన్నీ కలిపి లెక్కకట్టి, తన సంఖ్యతో పాటు ఒక ముద్ర వేసి పంపుతుంది. ఫోన్ తన వైపు అదే లెక్క చేసి ముద్ర సరిపోయిందో లేదో చూస్తుంది. సరిపోతే తన ముద్రతో జవాబిస్తుంది, ల్యాప్‌టాప్ అందిందంటుంది, పని అయిపోతుంది. మనకు తెరమీద "Connected" అని కనిపించేలోపు జరిగేది ఇదంతా.

పక్కన వినేవాడి చేతికి ఏం వచ్చిందో చూడండి. హాట్‌స్పాట్ పేరు తెలుసు, అది అందరికీ కనిపించేదే. రెండు సంఖ్యలు దొరికాయి. రెండు చిరునామాలు దొరికాయి. ముద్ర దొరికింది. లేనిది పాస్‌వర్డ్ ఒక్కటే. ఇక అతను ఒక పాస్‌వర్డ్ ఊహిస్తాడు, 4,096 సార్లు తిప్పుతాడు, ముద్ర లెక్కకడతాడు. తను పట్టుకున్న ముద్రతో అది సరిపోలకపోతే తర్వాతి ఊహకు వెళ్తాడు. సరిపోలిందా, పాస్‌వర్డ్ దొరికినట్టే. దీనికి మొదటి రెండు సందేశాలు చాలు.

మీరు ఎప్పుడు కనెక్ట్ అవుతారా అని అతను కాచుకుని ఉండనక్కర్లేదు కూడా. పాత WPA2లో "నువ్విక వెళ్లిపోవచ్చు" అనే సందేశానికి ఏ రక్షణా ఉండదు. ఎవరైనా హాట్‌స్పాట్ తరఫున పంపినట్టు నటిస్తూ దాన్ని పంపవచ్చు. ల్యాప్‌టాప్ నమ్మి బయటికి వచ్చేస్తుంది, వెంటనే తనంతట తానే మళ్లీ కనెక్ట్ అవుతుంది. ఆ మళ్లీ కనెక్ట్ కావడంలో సందేశాలు దొరుకుతాయి. మీకు తెలిసేది వీడియో ఒక్క క్షణం ఆగి మళ్లీ సాగడమే. సిగ్నల్ బాగోలేదేమో అనుకుని ఊరుకుంటారు, ఎక్కువసార్లు కారణం నిజంగానే సిగ్నల్ కూడా. కాబట్టి ఆ లక్షణాన్ని బట్టి దాడి జరిగిందని తేల్చలేం.

ఆ 4,096 సార్లు తిప్పడం ఊరికే పెట్టింది కాదు. అసలు మనిషికి అది ఒక్కసారి జరిగే లెక్క, తెలియను కూడా తెలియదు. ఊహించేవాడికి మాత్రం ప్రతి ఊహకూ అంత పని పడుతుంది. 2004లో అది మంచి అడ్డే. తర్వాత ఆటల కోసం తయారైన గ్రాఫిక్స్ కార్డులు సరిగ్గా ఇలాంటి లెక్కలకు పనికొచ్చాయి. ఇప్పుడు మంచి కార్డు ఒక్కటి ఉంటే సెకనుకు పది లక్షలకు పైగా హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌లు పరీక్షించవచ్చు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఇక్కడ సెకనుకు పది లక్షలనే తీసుకుందాం.

ఆ వేగంతో మన పాస్‌వర్డ్‌లు

ఎనిమిది అంకెల పాస్‌వర్డ్‌కు పది కోట్ల అవకాశాలు. సెకనుకు పది లక్షలంటే అన్నీ పరీక్షించడానికి 100 సెకన్లు. రెండు నిమిషాలు కూడా కాదు. పుట్టినరోజును ఎనిమిది అంకెల్లో రాస్తే అదీ ఈ పది కోట్లలోదే, పైగా ఊహించేవాడు మొదట వెతికే మూల అదే.

పది అంకెల ఫోన్ నంబరు పెట్టేవాళ్లు చాలామంది. వెయ్యి కోట్ల అవకాశాలు కదా అనిపిస్తుంది. పది వేల సెకన్లు, అంటే దాదాపు రెండు గంటల ముప్పావు. అంతదాకా ఎందుకు, మన డేటా మీద కన్నేసేది పక్కవాళ్లయితే ఆ నంబరు వాళ్ల ఫోన్‌లో ముందే సేవ్ అయి ఉంటుంది.

పేరు, పక్కన సంవత్సరం. ఇది ఇంకా తక్కువ. పదివేల పేర్ల జాబితా, నూరు సంవత్సరాలు కలిపితే పది లక్షలు, అంటే ఒక్క సెకను. మొదటి అక్షరం పెద్దది చేయడం, "a" బదులు "@" పెట్టడం, చివర "123" తగిలించడం లాంటి తెలివితేటలు పాస్‌వర్డ్‌లు విప్పే ప్రోగ్రాముల్లో నియమాలుగా రాసే ఉంటాయి. అలాంటి మార్పులు యాభై రకాలు చేసినా నిమిషం లోపే అయిపోతుంది.

ఇప్పుడు ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలు తీసుకోండి, అర్థం లేకుండా, ఏ వరుసా లేకుండా. సుమారు 20,900 కోట్ల అవకాశాలు. దానికి దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. పక్కింటివాడు రెండున్నర రోజులు కంప్యూటర్ నడిపిస్తాడా అంటే చాలామంది నడిపించరు, కానీ నడిపించగలరు. అదే పన్నెండు అక్షరాలు చేస్తే మూడు వేల ఏళ్లు దాటుతుంది. పెరిగింది నాలుగు అక్షరాలే. పెద్దక్షరం, గుర్తు, అంకె తప్పనిసరి అని బాదే సలహా కంటే పొడవు పెంచండి అనే సలహా ఎందుకు మెరుగో ఈ ఒక్క లెక్క చాలు.

అయితే పొడవు కూడా అసలు సంగతి కాదు. అసలు సంగతి ఆ పాస్‌వర్డ్ ఎలా పుట్టిందన్నది. దీనికి 2013లో బయటపడ్డ ఒక ఉదాహరణ ఉంది. అప్పట్లో ఐఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఫోనే ఒక పాస్‌వర్డ్ తయారుచేసి ఇచ్చేది: ఒక చిన్న ఇంగ్లీషు పదం, పక్కన నాలుగు అంకెలు. చూడటానికి బాగుండేది, గుర్తుండేది. పెద్దగా తప్పుపట్టడానికీ ఏమీ లేదు, ఎనిమిది అక్షరాలకు తగ్గదు, అక్షరాలూ అంకెలూ కలిసే ఉన్నాయి. జర్మనీలోని ఎర్లాంగెన్-న్యూరెంబెర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని తవ్వి చూశారు. ఫోన్ ఆ పదాలను 1,842 పదాల జాబితా నుంచి మాత్రమే తీసుకుంటోందని తేలింది. నాలుగు అంకెలకు పదివేల అవకాశాలు. 1,842ను పదివేలతో గుణిస్తే కోటీ 84 లక్షల 20 వేలు, అంతే. అప్పటి గ్రాఫిక్స్ కార్డులు నాలుగు పెట్టి 50 సెకన్ల లోపే ఏ పాస్‌వర్డ్‌నైనా పట్టేశారు. ఆ తర్వాత ఐఫోన్ పద్ధతి మార్చింది, ఇప్పుడు అర్థంలేని అక్షరాలను ఇస్తుంది.

ఊహించేవాడికి అక్షరాల సంఖ్య కంటే తయారీ పద్ధతి ముఖ్యం. ఏ సంచిలోంచి తీశారో తెలిస్తే, ఆ సంచిలో ఎన్ని ఉన్నాయన్నదే లెక్క. మనుషులు "తోచిన" పాస్‌వర్డ్ పెట్టినప్పుడు ఆ సంచి వాళ్లనుకున్నదానికంటే చాలా చిన్నది.

గుర్తుండేదీ, గట్టిదీ

హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌కు కనీసం 8, గరిష్ఠంగా 63 అక్షరాలు ఉండొచ్చు. సాధారణంగా ఇంగ్లీషు కీబోర్డు అక్షరాలే తీసుకుంటుంది, తెలుగు లిపి కుదరదు. కానీ తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. మనకు గుర్తుండేవి అవే కదా.

చేయాల్సింది ఇది. ఇంట్లో ఉన్న ఏదో లావుపాటి తెలుగు పుస్తకం తీసుకుని, కళ్లు మూసుకుని ఒక పేజీ తెరిచి, వేలు పెట్టండి. వేలి కింద ఉన్న మాటనో, దగ్గర్లో ఉన్న మొదటి నామవాచకాన్నో రాసుకోండి. ఇలా ఐదుసార్లు. ఉదాహరణకు కవ్వం, నెమలి, ఉత్తరం, గొడుగు, మెట్టు వచ్చాయనుకుందాం. వాటిని ఇలా రాయొచ్చు:

```
kavvam-nemali-uttaram-godugu-mettu
```

ఊహించేవాడికి మీ పద్ధతి మొత్తం తెలుసనే అనుకుందాం, గీతలు పెట్టారనీ, ఐదు తెలుగు మాటలనీ, ఇంగ్లీషులో ఎలా రాస్తారో కూడా. మీ సంచిలో రెండు వేల వాడుక మాటలే ఉన్నాయనుకుందాం. రెండు వేలను ఐదుసార్లు గుణించుకుంటూ పోతే 32 పక్కన 15 సున్నాలు. సెకనుకు పది లక్షల చొప్పున వెయ్యేళ్లు. నాలుగు మాటలతోనే ఆపేస్తే అదే లెక్క ఆరు నెలలకు పడిపోతుంది, అందుకే ఐదు.

ఇందులో ఒక షరతు ఉంది. మాటలను వేలు ఎంచాలి, మీరు ఎంచకూడదు. వచ్చిన మాట బాగోలేదని మార్చి మీకు నచ్చింది పెట్టడం మొదలుపెడితే సంచి చిన్నదైపోతుంది. పాట పల్లవి, సామెత, పద్యపాదం అసలే వద్దు. అవి అందరికీ తెలిసినవి, పొడవుగా ఉన్నా జాబితాలో ఒక్క వరుసే. పైన రాసిన ఉదాహరణను కూడా యథాతథంగా వాడకండి, ఇది ఇప్పుడు రాతలో ఉంది కాబట్టి ఏదో ఒక జాబితాలో చేరుతుంది.

టైపు చేయడం కష్టమనే మాట ఒకటి వస్తుంది. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌ను ఒక పరికరంలో ఒక్కసారే కొడతాం, తర్వాత అదే గుర్తుపెట్టుకుంటుంది. రోజూ కొట్టేది కాదు కాబట్టి ముప్పై అక్షరాలున్నా నష్టం లేదు.

హాట్‌స్పాట్ పేరు కూడా తాళంచెవి లెక్కలో కలుస్తుందని పైన చెప్పుకున్నాం. దాని వల్ల ఒక మేలుంది. పేరు వేరైతే, పాస్‌వర్డ్ ఒకటే అయినా తాళంచెవి వేరవుతుంది. కాబట్టి ముందుగానే లెక్కలన్నీ చేసి పెట్టుకోవడం కుదరదు. కానీ లక్షల ఫోన్లలో ఒకే రకంగా ఉండే పేర్లకు ఆ పని చేసిపెట్టినవాళ్లున్నారు. ఫోన్ ఇచ్చిన పేరును మార్చి మరెక్కడా లేని పేరు పెడితే ఆ తయారు లెక్కలు పనికిరావు. ఆ పేరులో మీ సొంత పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ మోడల్ లేకుండా చూసుకోండి. ఎవరి హాట్‌స్పాటో తెలిస్తే ఏ పేర్లు, ఏ తేదీలు ముందు ప్రయత్నించాలో కూడా తెలిసినట్టే.

సెక్యూరిటీ దగ్గర ఏది ఎంచుకోవాలి

ఆండ్రాయిడ్ ఫోన్లలో హాట్‌స్పాట్ సెట్టింగుల్లో "Security" అని ఒక వరుస ఉంటుంది. ఫోన్‌ను బట్టి అందులో నాలుగు దాకా కనిపిస్తాయి: "None", "WPA2-Personal", "WPA2/WPA3-Personal", "WPA3-Personal". ఐఫోన్‌లో ఈ ఎంపిక మన చేతికి ఇవ్వరు.

"None" అంటే తలుపే లేదు. పాస్‌వర్డ్ లేకపోవడం ఒక్కటే కాదు, గాల్లో వెళ్లేదాన్ని ఇతరులు చదవలేకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు. "ఒక్క ఐదు నిమిషాలకే కదా" అని అలా పెట్టి మర్చిపోయేవాళ్లుంటారు. పెట్టకండి.

2018లో వచ్చిన WPA3 పైన చెప్పిన మొత్తం కథను మూలం దగ్గరే మారుస్తుంది. ఇందులో ఫోన్, ల్యాప్‌టాప్ మాట్లాడుకునే తీరు వేరు. వినేవాడు అన్ని సందేశాలూ పట్టుకుని ఇంటికి తీసుకెళ్లినా, తన ఊహ సరైనదో కాదో వాటితో తేల్చుకోలేడు. ఒక ఊహను పరీక్షించాలంటే మీ ఫోన్‌నే ఒకసారి అడగాలి. ఇంకో ఊహ, ఇంకోసారి అడగాలి. సెకనుకు పదిసార్లు అడగగలడనుకున్నా, మామూలు ఎనిమిది అంకెల పాస్‌వర్డ్‌కు కూడా నాలుగు నెలలకు దగ్గరవుతుంది, అదీ మీ హాట్‌స్పాట్ అన్నాళ్లూ ఆన్‌లో ఉంటే. సెకనుకు పది లక్షలు అన్న లెక్క అక్కడితో చెల్లదు. నకిలీ "వెళ్లిపో" సందేశాన్ని కూడా WPA3 ఆపుతుంది, ఎందుకంటే అలాంటి సందేశాలకు రక్షణ ఇందులో తప్పనిసరి.

ఇంకో తేడా పెద్దగా చర్చకు రాదు కానీ ముఖ్యమైనదే. WPA2లో పాస్‌వర్డ్ తెలిసిన మనిషి, మీరు కనెక్ట్ అయినప్పటి సందేశాలు పట్టుకుంటే మీ పరికరం గాల్లో పంపేదాన్ని విప్పుకోగలడు. https ఉన్న సైట్లలో లోపలి మాటలు అప్పుడూ కనిపించవు, ఏ సైట్లకు వెళ్తున్నారో మాత్రం చాలావరకు తెలుస్తుంది. WPA3లో పాస్‌వర్డ్ తెలిసినా ఇంకొకరి సంభాషణను అలా విని విప్పలేరు.

ఇబ్బంది పాత పరికరాలతో. "WPA3-Personal" పెడితే కొన్నేళ్ల కిందటి ల్యాప్‌టాప్, పాత టాబ్లెట్ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ కావు. పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లోపలికి వెళ్లదు. అప్పుడు చాలామంది పాస్‌వర్డ్ తప్పేమోనని దాన్ని చిన్నది చేస్తారు. తప్పు అక్కడ లేదు. సెక్యూరిటీని "WPA2/WPA3-Personal"కు మార్చి చూడండి, పనిచేస్తే కారణం ఆ పరికరమే.

ఈ మిశ్రమ పద్ధతి రాజీయే అని తెలిసి వాడాలి. రెండిటికీ పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి, ఒక పరికరం WPA2లో కనెక్ట్ అయినా పాత కథ మళ్లీ మొదలవుతుంది. అంతేకాదు, మీ హాట్‌స్పాట్ పేరుతోనే WPA2 మాత్రమే తెలిసిన నకిలీ హాట్‌స్పాట్ ఒకటి పెట్టి, కొత్త ల్యాప్‌టాప్‌ను కూడా కిందికి దించవచ్చని 2019లోనే పరిశోధకులు చూపించారు. ల్యాప్‌టాప్ ఆ నకిలీకి కనెక్ట్ కాలేదు, కానీ ప్రయత్నంలో తన ముద్ర వేసిన సందేశం పంపేస్తుంది. ఊహించేవాడికి కావల్సింది అదే. అందుకని నా లెక్కలో వరుస ఇది: పరికరాలన్నీ కొత్తవైతే "WPA3-Personal". ఒక్కటి పాతదున్నా మిశ్రమం, దాంతోపాటు ఐదు మాటల పాస్‌వర్డ్. "WPA2-Personal" మాత్రమే ఉన్న ఫోనైనా ఐదు మాటల పాస్‌వర్డ్ ఉంటే భయపడాల్సిన పని లేదు, ఎందుకంటే దీంట్లోని ఎన్‌క్రిప్షన్‌ను ఊహతో తప్ప బద్దలుకొట్టే మామూలు దారి లేదు. WEP, WPA అనే పాత పద్ధతులు ఫోన్లలో ఇప్పుడు కనబడవు. పాత వై-ఫై డాంగిల్‌లో కనిపిస్తే వాటిని ఎంచుకోవద్దు, WEP బలహీనత 2001లోనే బయటపడింది.

హాట్‌స్పాట్ పేరు దాచిపెట్టే ఎంపిక కొన్ని ఫోన్లలో ఉంటుంది. ఇది రక్షణ అనిపిస్తుంది కానీ కాదు. మీ ల్యాప్‌టాప్ కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరును గాల్లో పంపాల్సిందే, వినేవాడికి అప్పుడు దొరుకుతుంది. పైగా పేరు దాగి ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ ఎక్కడికి వెళ్తే అక్కడ "ఫలానా హాట్‌స్పాట్ ఉందా" అని పేరుపెట్టి పిలుస్తుంటుంది. ఎంచిన పరికరాల చిరునామాలనే అనుమతించే జాబితా కూడా ఇలాంటిదే. ఆ చిరునామాలు ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తాయి, వాటిని చూసి తన పరికరానికి అదే చిరునామా పెట్టుకోవడం నిమిషం పని.

దొంగతనం కాని దారి

ఇంతసేపూ గాల్లోంచి పట్టుకునేవాడి గురించి చెప్పుకున్నాం. నిజానికి డేటా పక్కింటికి వెళ్లే ఎక్కువ సందర్భాల్లో ఎవరూ ఏ లెక్కా చేయరు. ఎప్పుడో ఒకరోజు "అన్నా, ఒక్క ఫైల్ పంపాలి, హాట్‌స్పాట్ పెట్టవా" అంటే పెట్టారు. ఆ ఫోన్‌లో పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయింది. మీరు హాట్‌స్పాట్ ఆన్ చేసినప్పుడల్లా, ఆ ఫోన్ దగ్గర్లో ఉంటే, దాని యజమానికి తెలియకుండానే కనెక్ట్ అవుతుంది, ఆగి ఉన్న యాప్ అప్‌డేట్లను కూడా మీ డేటాతో దించుకోవచ్చు. ఎవరిలోనూ దురుద్దేశం లేదు.

అక్కడితో ఆగదు కూడా. ఆండ్రాయిడ్ 10 నుంచి, సేవ్ అయిన వై-ఫైని క్యూఆర్ కోడ్‌గా ఇంకొకరికి చూపించే సదుపాయం ఉంది. మీరు ఒక్కరికి ఇచ్చారు, వాళ్ల తమ్ముడు ఆ తెర మీంచి స్కాన్ చేసుకున్నాడు. ఆ కోడ్‌లో రహస్య సంకేతమేదో ఉంటుందనుకుంటారు, అందులో ఉండేది ఈ మామూలు వాక్యమే:

```
WIFI:T:WPA;S:hotspot-peru;P:password;;
```

పాస్‌వర్డ్ అక్షరం అక్షరం అలాగే ఉంటుంది. కాబట్టి ఆ క్యూఆర్ స్క్రీన్‌షాట్‌ను గ్రూపులో పెట్టడమంటే పాస్‌వర్డ్ రాసి పెట్టడమే. విండోస్ ల్యాప్‌టాప్‌లో అయితే ఒకసారి కనెక్ట్ అయినవాళ్లెవరైనా ఈ కమాండ్‌తో దాన్ని చదువుకోవచ్చు:

```
netsh wlan show profile name="hotspot-peru" key=clear
```

జవాబులో "Key Content" ఎదురుగా పాస్‌వర్డ్ కనిపిస్తుంది. ఐదు మాటలైనా యాభై మాటలైనా ఇక్కడ తేడా లేదు. కాబట్టి ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే అప్పటికి ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, పని అయ్యాక మీ అసలుదాన్ని తిరిగి పెట్టుకోండి. అలా చేస్తే మీ సొంత పరికరాల్లో ఏదీ మళ్లీ కొట్టనక్కర్లేదు, వాటిలో పాతదే సేవ్ అయి ఉంటుంది.

ఎవరైనా వాడుతున్నారన్న అనుమానం వస్తే ఎలా తేల్చుకోవాలి? ఒక సందర్భం తీసుకుందాం. సాయంత్రం గంటసేపు ల్యాప్‌టాప్‌లో మెయిల్స్ చూసుకున్నారు, ఒకటిన్నర జీబీ ఖర్చయింది. మెయిల్స్‌కు అంత కాదు. మొదట ఫోన్ డేటా వాడకం తెరిచి చూడండి. ఆండ్రాయిడ్‌లో యాప్‌ల జాబితాలోనే హాట్‌స్పాట్, టెథరింగ్ పేరుతో ఒక వరుస ఉంటుంది, ఐఫోన్‌లో "Personal Hotspot" అని ఉంటుంది. ఖర్చు అక్కడ లేకపోతే హాట్‌స్పాట్‌కు సంబంధం లేదు, ఫోన్‌లోని ఏదో యాప్ తిన్నది.

ఖర్చు అక్కడే ఉందనుకుందాం. హాట్‌స్పాట్ ఆన్ చేసి, మీ ల్యాప్‌టాప్‌లో, మీ మిగతా పరికరాల్లో వై-ఫై ఆపేసి, హాట్‌స్పాట్ పేజీలో ఎన్ని పరికరాలు కనెక్ట్ అయ్యాయో చూడండి. సున్నా రావాలి. ఒకటి అని వస్తే అది మీది కాదు, అంటే ఎవరిదో లోపలుంది. దాని పేరు చూసి గుర్తుపట్టాలని ప్రయత్నించకండి. ఇప్పటి ఫోన్లు తమ అసలు చిరునామా బదులు మారుచిరునామా చూపిస్తాయి, పేరు కూడా ఏదైనా పెట్టుకోవచ్చు. సంఖ్యను మాత్రమే నమ్మండి. ఒక్కసారి చూసి వదిలేయకుండా ఖర్చు జరిగిన సమయానికే మరో రెండు రోజులు చూడండి, ఎందుకంటే పక్క ఫోన్ అన్నివేళలా దగ్గర్లో ఉండదు.

సంఖ్య ఎప్పుడూ సున్నాయే వస్తే? అప్పుడు ఆ ఒకటిన్నర జీబీ మీ ల్యాప్‌టాపే తీసుకుంది. హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్ చాలాసార్లు మామూలు ఇంటి వై-ఫైలాగే చూస్తుంది. సిస్టమ్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్, క్లౌడ్ ఫోల్డర్లు అన్నీ మెయిల్స్ వెనక నడిపించేస్తుంది. పక్కింటివాళ్ల మీద పడే నిందల్లో చాలా వాటికి కారణం ఇదేనన్నది నా గట్టి అభిప్రాయం. విండోస్‌లో ఆ హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి "Metered connection" ఆన్ చేస్తే ఎక్కువ అప్‌డేట్లు ఆగుతాయి. ఐఫోన్‌లో, ఐప్యాడ్‌లో అదే పని "Low Data Mode" చేస్తుంది.

సంఖ్య ఒకటి వచ్చినవాళ్లు పాస్‌వర్డ్ మార్చి, తమ పరికరాలను ఒక్కొక్కటిగా కలుపుతూ ప్రతిసారీ ఆ సంఖ్యను చూసుకోవాలి. ఒకటి కలిపితే ఒకటి, రెండోది కలిపితే రెండు. కలిపినదానికంటే ఒకటి ఎక్కువ కనిపిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా ఇంట్లోంచే ఎవరో ఇచ్చారు. హాట్‌స్పాట్ వాడనప్పుడు దానంతట అదే ఆగిపోయే ఎంపిక ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ పేజీ కిందనే ఉంటుంది, దాన్ని కూడా అప్పుడే ఆన్ చేసేయండి.